రియాద్ నుంచి ముప్ఫై రోజుల సెలవు

మొన్న ఒక జుమా నమాజు తర్వాత షాలిబండకు చెందిన ఒక తల్లి తన కొడుకు ఉత్తరం పట్టుకుని మా వద్దకు వచ్చింది. కొడుకు రియాద్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్, చేరి ఎనిమిదేళ్లు నిండాయి. అతడి అక్క చికాగోలో ఉంటుంది. ఆమె 2006 ఆరంభంలో తమ్ముడి కోసం వేసిన పిటిషన్‌కు పందొమ్మిదేళ్ల తర్వాత, 2025లో పిలుపు వచ్చింది. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ ఉన్నా, శాశ్వతంగా వెళ్లేవారి వీసా ఇంటర్వ్యూలు మన వారికి ముంబయిలో జరుగుతాయి. భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నందువల్ల అతడూ ఇక్కడికి వచ్చి వారితో కలిసి వెళ్లాలనుకున్నాడు. ఇంటర్వ్యూకు ఆరు వారాలే వ్యవధి. కంపెనీకి సెలవు అర్జీ అరబ్బీలో రాసిపెట్టమని ఆ తల్లి కోరింది.

'అమ్మీకి ఒంట్లో బాగోలేదని రాయండి మౌల్వీ సాబ్, వెంటనే ఇస్తారు' అన్నది ఆ తల్లే. చక్కగా నిలబడి మాట్లాడుతున్న మనిషిని మంచం పట్టించడానికి మా కలం ఒప్పుకోలేదు. ఆ అవసరం కూడా లేదు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఒకే యజమాని వద్ద ఐదేళ్లు నిండిన వాడికి ఏడాదికి ముప్ఫై రోజుల జీతంతో కూడిన సెలవు హక్కు. ఐదేళ్లలోపు వాడికి ఇరవై ఒక్క రోజులు. హక్కుగా వచ్చే సెలవుకు కారణం చెప్పనక్కర లేదు. అయితే ఏ తేదీల్లో ఇవ్వాలో పని అవసరాలను బట్టి యజమాని నిర్ణయించవచ్చు. కనుక అర్జీలో బలం కారణానికి కాదు, తేదీలకు ఉండాలి. మేము ఇలా రాశాము: 'నా వార్షిక సెలవు ముప్ఫై రోజులు ఫలానా తేదీ నుంచి కోరుతున్నాను. స్వదేశంలో నా కుటుంబ పత్రాల పని ఉన్నది, దాని తేదీ మార్చడం నా చేతిలో లేదు. నాకు ఖురూజ్ వ ఔదా వీసా తొంభై రోజులకు ఇప్పించగలరు. నా పని ఫలానా సహోద్యోగి చూసుకుంటాడు.' ఇందులో అబద్ధం లేదు. అమెరికా పేరు లేదు గనుక, వాడు వెళ్లిపోతాడన్న శంకా పుట్టదు.

ముప్ఫై రోజుల సెలవుకు తొంభై రోజుల వీసా ఎందుకని ఆ తల్లి అడిగింది. సెలవు వేరు, తిరిగి ప్రవేశించే వీసా వేరు. సెలవు దాటితే జీతం పోతుంది. వీసా గడువు దాటితే ఉద్యోగమే పోతుంది. రెండు నెలల వరకు రుసుము రెండు వందల రియాళ్లు, ఆపై ప్రతి నెలకు మరో వంద. అంటే మరో వందతో ఒక నెల ధైర్యం కొనుక్కున్నట్టే. ఇఖామా గడువు కూడా ఆ తొంభై రోజులను మించి ఉండాలి.

మరో జాగ్రత్త చెప్పి పంపాము. విమానం ఎక్కే ముందు ఆ కాగితం మీద రెండు మాటలు వెతకాలి. 'ఖురూజ్ వ ఔదా' అని ఉంటే వెళ్లి రావడం. 'ఖురూజ్ నిహాయీ' అని ఉంటే ఇక రావడం లేదు, ఇఖామా ముగిసినట్టే. ఆఫీసు గుమాస్తా పొరపాటో, మరొకటో గాని, ఈ రెండో మాటను చదవకుండా విమానాశ్రయం దాటి వచ్చి ఏడ్చిన వారిని మా మొహల్లాలో చూశాము. ఖుర్ఆన్ చదవడం వచ్చిన ప్రతివాడికీ ఈ అక్షరాలు తెలుసు. చదవాలన్న ఆలోచనే రాదు!

బయలుదేరే ముందే సౌదీ పోలీసు సర్టిఫికెట్ తెచ్చుకోమని కూడా చెప్పాము. ప్రస్తుతం నివసిస్తున్న దేశంలో ఆరు నెలలు దాటి ఉంటే అది అడుగుతారు. ఇక్కడికి వచ్చాక దాని కోసం పరుగులు తీయడం కష్టం.

అబ్బాయి వచ్చాడు. మూడో రోజున కాన్సులేటు జాబితాలో ఉన్న డాక్టరు వద్ద అందరికీ పరీక్షలు జరిగాయి. ఆ జాబితాలో లేని డాక్టరు కాగితం చెల్లదు, రియాద్‌లో చేయించుకున్నదీ పనికి రాదు. అక్కడ చిక్కు వచ్చింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద పాత మచ్చ కనిపించింది. చిన్నప్పుడెప్పుడో వచ్చి మానిన జబ్బు కావచ్చు. మచ్చ కనిపిస్తే మూడు రోజులు వరుసగా ఉదయం కఫం తీసి కల్చర్‌కు పెడతారు. క్షయ క్రిములు నెమ్మదిగా పెరుగుతాయి గనుక, లేవని తేల్చడానికి ఎనిమిది వారాలు చూస్తారు. డబ్బిచ్చినా, సిఫారసు తెచ్చినా అది తొందరపడదు. ఆ కాగితం రాకుండా వీసా రాదు. ఇంటర్వ్యూ తేదీ వాయిదా వేయించుకోవలసి వచ్చింది.

అతడి బంధువులు ఇక్కడే ఆగిపొమ్మన్నారు. అమెరికాకు వెళ్లేవాడికి రియాద్‌తో ఏం పని అన్నారు. మేము కాగితం, పెన్సిలు తీసి లెక్క వేశాము. అతడి జీతం నెలకు మూడు వేల రియాళ్లు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం చొప్పున 7,500. తర్వాతి మూడేళ్లకు ఏడాదికి నెల జీతం చొప్పున 9,000. మొత్తం 16,500 రియాళ్ల సర్వీసు ముగింపు సొమ్ము. ఐదేళ్లు దాటి పదేళ్లు నిండకుండా రాజీనామా చేస్తే అందులో మూడింట రెండు వంతులు, అంటే 11,000 వస్తుంది. సుమారు రెండున్నర లక్షల రూపాయలు. అదే చెప్పకుండా ఇక్కడ ఉండిపోతే? సరైన కారణం లేకుండా వరుసగా పదిహేను రోజులకు మించి రాని వాడిని, పది రోజులకు లిఖిత హెచ్చరిక ఇచ్చి, ఆ సొమ్ము ఇవ్వకుండానే తొలగించే వీలు చట్టంలో ఉన్నది. ఆ హెచ్చరిక అక్కడి గదికి వస్తుంది, తాళానికి ఎవరు చదివి వినిపిస్తారు?

ఇంటర్వ్యూ జరగలేదు గనుక పాస్‌పోర్టు చేతిలోనే ఉన్నది. ఇరవై ఎనిమిదో రోజున అతడు తిరిగి వెళ్లాడు. ఇంటర్వ్యూ జరిగి ఉంటే సంగతి వేరు. వీసా అతికించడానికి పాస్‌పోర్టు వారే ఉంచుకుంటారు, అది ఎప్పుడు చేతికొస్తుందో మన చేతిలో లేదు. అందుకే ఇంటర్వ్యూకు, తిరుగు టికెట్టుకు మధ్య కనీసం రెండు వారాలు వదలాలి.

ఎనిమిది వారాలకు కల్చర్ శుభ్రంగా వచ్చింది, అల్‌హందులిల్లాహ్. రెండో అర్జీ కూడా మేమే రాశాము, ఈసారి జీతం లేని సెలవుకు. ఇది హక్కు కాదు, యజమాని దయ. ఇరవై రోజులు దాటితే వేరే ఒప్పందం లేని పక్షంలో కంట్రాక్టు ఆగిపోయినట్టు లెక్క. కనుక పద్ధెనిమిది రోజులే అడిగాము. మొదటి వీసా ఒక్కసారికే గనుక మళ్లీ రెండు వందలు కట్టాడు. ముంబయిలో ఇంటర్వ్యూ పది నిమిషాల్లో అయిపోయింది. పాస్‌పోర్టు పది రోజులకు వచ్చింది.

అయితే అందులో ముద్రించిన గడువు చూసి అందరూ ఉలిక్కిపడ్డారు. ఆరు నెలలు అనుకున్నారు. మచ్చ కనిపించి కల్చర్ అయిన వారికి పరీక్ష ఫలితం మూడు నెలలకే చెల్లుతుంది, వీసా కూడా దానితోనే ముగుస్తుంది. రాజీనామా ఇస్తే యజమాని ముప్ఫై రోజుల్లో జవాబు చెప్పకపోతే అంగీకరించినట్టే అని 2025 ఫిబ్రవరిలో అమలుకు వచ్చిన సవరణ చెబుతుంది. కారణం రాసి అరవై రోజుల వరకు వాయిదా వేయవచ్చునని కూడా అదే చెబుతుంది. మూడు నెలల్లో ఇప్పటికే పది రోజులకు పైగా పోయాయి.

పాస్‌పోర్టు అందిన మూడో రోజునే విమానం ఎక్కమన్నాము. దిగిన మర్నాడే రాజీనామా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకొమ్మన్నాము. మేనేజరు నలభై రోజులు ఆపాడు, తర్వాత లెక్క తేల్చి 11,000 రియాళ్లు చేతిలో పెట్టాడు. ఆ రోజు వచ్చిన కాగితం మీద 'ఖురూజ్ నిహాయీ' అని ఉన్నది. చదివి, ఫొటో తీసి తల్లికి పంపాడు. ఆమె మాకు చూపించింది.