రెండు ఫ్రాంక్‌ఫర్ట్‌లు, ఒక వాయిస్ నోట్

జర్మనీలో రైలు టికెట్టు కొనడానికి అక్కడి రైల్వే సంస్థ డాయిష్ బాన్ యాప్ ఒకటుంది. దాని పేరు DB Navigator. ఇంగ్లీషులో వాడుకోవచ్చు గానీ తెలుగులో లేదు. మాగ్డెబుర్గ్‌లో ఎం.ఎస్. చదువుతున్న మా పిన్ని కొడుకు, భాష తొందరగా వంటబడుతుందని ఫోన్ మొత్తం జర్మన్‌లో పెట్టేసుకున్నాడు. ఇప్పుడు పిన్ని హైదరాబాద్ నుంచి వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతోంది. వీడు విమానాశ్రయానికి వెళ్లి తీసుకురావాలి. ‘ఏది నొక్కాలో వాయిస్ పెట్టక్కా’ అని అడిగాడు.

ఇలాంటి వాయిస్ నోట్ నోటికొచ్చినట్టు మాట్లాడితే పనికిరాదు. మనం మూడో స్క్రీన్ గురించి చెబుతుంటే వినేవాడు ఇంకా మొదటి స్క్రీన్‌లోనే ఉంటాడు. వేలు పెట్టి చూపించే వీలు మనకు లేదు. అందుకని ముందు కాగితం మీద రాసుకున్నాను. ఒక్కో స్క్రీన్‌కి ఒక్కో నోట్. ప్రతి నోట్ చివర ‘ఇక్కడ ఆగు’ అన్న మాట. ‘కిందున్న ఎర్ర బటన్’ లాంటి గుర్తులు చెప్పలేదు, యాప్ అప్‌డేట్ అయితే రంగులూ చోట్లూ మారిపోతాయి. మాట మొదటి అక్షరాలు చెప్పి, దాని వెనకున్న సంగతి చెప్పాను. జర్మన్ ఉచ్చారణ కోసం తంటాలు పడేకంటే అక్షరాలు చెబితేనే కన్ను తొందరగా పట్టుకుంటుంది.

మొదటి నోట్ ఇది: ‘నాన్నా, పైన Von అని ఉంటుంది, వి ఓ ఎన్. అక్కడ Magdeburg Hbf పెట్టు. దాని కింద Nach, ఎన్ ఏ సి హెచ్. అది వెళ్లాల్సిన చోటు. అక్కడ ఫ్రాంక్‌ఫర్ట్ అని కొట్టగానే జాబితా వస్తుంది. తొందరపడి నొక్కకు. పేరు పక్కన బ్రాకెట్లో ఏముందో చూడు. ఎమ్ గానీ మెయిన్ గానీ ఉండాలి. ఓడర్ అని ఉంటే అది వేరే ఊరు. మనకు కావాల్సింది Frankfurt(M) Flughafen Fernbf. అది దొరికాక ఆగు.’

ఈ ఒక్క స్క్రీన్ మీద ఇంత సేపు ఎందుకంటే, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండున్నాయి. పెద్ద విమానాశ్రయం ఉన్నది మెయిన్ నది ఒడ్డున, పడమటి వైపు. రెండోది ఓడర్ నది ఒడ్డున, పోలండ్ సరిహద్దులో. రైలు దారిలో రెంటికీ మధ్య దూరం 500 కిలోమీటర్ల పైమాటే. మాగ్డెబుర్గ్‌లో ఉండేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. అక్కడి నుంచి RE1 అనే ప్రాంతీయ రైలు బెర్లిన్ మీదుగా నేరుగా ఓడర్ ఒడ్డు ఫ్రాంక్‌ఫర్ట్‌కే పోతుంది. ఎక్కడా మారక్కర్లేదు, విద్యార్థుల నెలవారీ పాసూ చెల్లుతుంది. అసలు ఫ్రాంక్‌ఫర్ట్‌కైతే సాధారణంగా బ్రౌన్‌ష్వైగ్‌లోనో హానోవర్‌లోనో రైలు మారాలి, ఛార్జీ ఎక్కువ. తప్పు ఊరి టికెట్టే చవగ్గా, తేలిగ్గా కనిపిస్తుందన్నమాట. యాప్ ఏ హెచ్చరికా ఇవ్వదు, ఎందుకంటే దాని లెక్కలో అది తప్పు కాదు. తూర్పుకు పోయే రైలు చూపిస్తోందా, పడమటికి పోయేదా అన్నది దారిలో వచ్చే ఊళ్లని బట్టి తెలుస్తుంది. బెర్లిన్, పోట్స్‌డామ్ కనిపిస్తే వెనక్కి రావాలి.

విమానాశ్రయంలోనూ రెండు స్టేషన్లున్నాయి. Fernbf అన్నది దూరప్రయాణ రైళ్లది, Regionalbf అన్నది లోకల్ రైళ్లది. ఇక్కడ తప్పినా పెద్ద నష్టం లేదు, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి పోవచ్చు.

రెండో నోట్ సమయం గురించి. మనం రైలు వెతికేటప్పుడు బయల్దేరే వేళనే పెట్టడం అలవాటు. ఇక్కడ చేరాల్సిన వేళ ముఖ్యం. ‘తేదీ నొక్కాక Abfahrt, Ankunft అని రెండుంటాయి. మొదటిది బయల్దేరడం, రెండోది చేరడం. రెండోది నొక్కు. పిన్ని విమానం రెండింటికి దిగుతుంది కాబట్టి 12:00 పెట్టు. గడియారం 24 గంటలది, రెండంటే 14 అని గుర్తుపెట్టుకో. తర్వాత ఆప్షన్లలో Umsteigezeit అని యు తో మొదలయ్యే మాట ఉంటుంది, రైలు మారడానికి దొరికే వ్యవధి అది. దాన్ని పావుగంటో ఇరవై నిమిషాలో చేసి, అప్పుడు వెతుకు. రైళ్ల జాబితా వచ్చాక ఆగు.’

ఆ వ్యవధి సంగతి చాలామందికి తెలియదు. మనం ఏమీ మార్చకపోతే, ఆరేడు నిమిషాల్లో ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి పరుగెత్తాల్సిన జతలు కూడా యాప్ చూపిస్తుంది. కాగితం మీద అవి కుదురుతాయి. మొదటి రైలు పది నిమిషాలు ఆలస్యమైతే రెండోది వెళ్లిపోతుంది. జర్మనీ రైళ్లు గడియారం ముల్లులా నడుస్తాయన్న పేరు పాతకాలం నాటిది, ఇప్పుడు ఆలస్యాలు మామూలే.

మూడో నోట్ ఛార్జీలది. అసలు తెలుసుకోవాల్సిన విషయం ఇక్కడే ఉంది. అదే రైలుకి మూడు ధరలు కనిపిస్తాయి: Super Sparpreis, Sparpreis, Flexpreis. మన రైళ్లలో స్లీపరు, థర్డ్ ఏసీ అన్నట్టు ఇవి సీట్లలో తేడాలు కావు. మూడింటికీ అదే రెండో తరగతి పెట్టె, అదే సీటు. తేడా అంతా ప్లాను మారితే ఏమవుతుందన్నదే. మొదటి రెండింటికీ Zugbindung అనే కట్టుబాటు ఉంది. టికెట్టులో రాసిన దూరప్రయాణ రైలే ఎక్కాలి, తర్వాతి రైలు ఎక్కితే టికెట్టు చెల్లదు. వీటిలో చవకది రద్దు చేసుకుంటే డబ్బు రాదు. Sparpreis అయితే ప్రయాణపు రోజుకి ముందే రద్దు చేసుకుంటే కొంత కోసుకుని మిగతాది ఇస్తారు. Flexpreis ఖరీదైనది, కానీ ఆ రోజు ఆ దారిలో ఏ రైలైనా ఎక్కవచ్చు.

వాడికి ఇలా చెప్పాను: ‘వెళ్లేటప్పుడు ఏ రైలుకి పోవాలో నీ చేతిలో ఉంది. కాబట్టి చవకది తీసుకో, వయసు దగ్గర 15–26 అన్నది నొక్కడం మర్చిపోకు, నీకు ఇంకా తగ్గవచ్చు. తిరుగు టికెట్టు మాత్రం ఇప్పుడు చవకది కొనకు. విమానం ఆలస్యం కావచ్చు, ఇమ్మిగ్రేషన్‌లో లైను ఉండచ్చు, పెట్టె రావడానికి గంట పట్టచ్చు. పిన్ని దిగాక అప్పటికప్పుడు కొను, లేదా ఇద్దరికీ Flexpreis తీసుకో.’ రెండు వైపులా కలిపి ఒకేసారి చవగ్గా కొనేసి, విమానం గంట ఆలస్యమయ్యేసరికి తిరుగు టికెట్లు పోగొట్టుకుని, కౌంటర్ దగ్గర పూర్తి ధర పెట్టి మళ్లీ కొన్న కుటుంబాలున్నాయి. ఆలస్యమైంది విమానం కాబట్టి రైల్వే సంస్థకి దాంతో పని లేదు.

ఇంకో మాట. ఇక్కడ టికెట్టు కొంటే సీటు వచ్చినట్టు కాదు. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ లాంటివి లేవు. టికెట్టుంటే రైలెక్కొచ్చు, ఖాళీ ఉంటే కూర్చోవచ్చు, లేకపోతే నిలబడాలి. సీటు కావాలంటే Sitzplatz అన్నది నొక్కి విడిగా డబ్బు కట్టాలి. కుర్రాడు ఒక్కడే వెళ్లేటప్పుడు అక్కర్లేదు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన పిన్నికి రెండు పెద్ద పెట్టెలతో తిరుగు ప్రయాణంలో తప్పకుండా తీసుకోమన్నాను.

నాలుగో నోట్ పేరూ డబ్బూ. Vorname అంటే సొంత పేరు, Nachname అంటే ఇంటిపేరు. టికెట్టు తనిఖీకి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు గానీ మరో ఫొటో గుర్తింపు కార్డు గానీ అడగవచ్చు. అందుకే పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అలాగే కొట్టాలి. మన వాళ్లకు ఇంటిపేరు పొట్టి అక్షరంగా రాసే అలవాటు, ఇక్కడ అది వద్దు.

ఇండియా కార్డుతో కట్టేవాళ్లకు రెండు అడ్డంకులు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 నుంచి కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది, ఆ సిమ్ బతికి ఉండాలి, రోమింగ్ పనిచేయాలి. ఇవి ముందే సరిచూసుకోకపోతే చివరి స్క్రీన్‌లో చక్రం తిరుగుతూ ఉండిపోతుంది.

ఆ చివరి స్క్రీన్‌కి సంబంధించి ఒక మంచి చట్టం ఉంది. 2012 ఆగస్టు 1 నుంచి జర్మనీలో ఆన్‌లైన్ అమ్మకాల్లో, డబ్బు పడే బటన్ మీద ఆ సంగతి స్పష్టంగా రాసి తీరాలి. zahlungspflichtig bestellen అనో, అంత తేటగా ఉండే మరో మాటో ఉండాలి. ఊరికే ‘తర్వాత’ అని రాసిన బటన్ నొక్కించి డబ్బు కట్టాలనడానికి వీల్లేదు. అందుకే తమ్ముడికి ధైర్యంగా చెప్పగలిగాను: ‘Weiter అని ఉన్నంతసేపు భయపడకుండా నొక్కుతూ పో, దానర్థం ముందుకి అని. Zahlung అని జెడ్ తో మొదలయ్యే పొడుగాటి మాట గానీ, kaufen అన్న మాట గానీ ఉన్న బటన్ వస్తే చెయ్యి తీసెయ్. స్క్రీన్‌షాట్ నాకు పంపు. నేను చూశానని చెప్పాకే నొక్కు.’

స్క్రీన్‌షాట్ పంపాడు. బ్రాకెట్లో ఎమ్ ఉంది. చేరే వేళ 11:40. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంది. తేదీ మాత్రం ఒకరోజు ముందుది. పిన్ని హైదరాబాద్‌లో ఇంటి దగ్గర బయల్దేరే రోజు వాడి బుర్రలో ఉండిపోయింది. అర్ధరాత్రి దాటాక లేచే విమానం అది, కాబట్టి పిన్ని ఇంటి దగ్గర బయల్దేరేది ఒకరోజు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేది మరుసటి రోజు. తేదీ మార్చి మళ్లీ వెతికితే ధర నాలుగు యూరోలు పెరిగింది, అంతే. చవక టికెట్టు కొనేశాక తెలిసుంటే మొత్తం పోయేది.

చివరి నోట్ ప్రయాణపు రోజు కోసం. ‘మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే కొత్త టికెట్టు కొనకు. గమ్యానికి ఇరవై నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరేట్టుంటే Zugbindung ఊడిపోతుంది, వేరే రైలు ఎక్కొచ్చు. యాప్‌లో నీ ప్రయాణం తెరిస్తే ఆ సంగతి కనిపిస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకో.’

గమ్యానికి 60 నిమిషాలు ఆలస్యంగా చేరితే ఛార్జీలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం తిరిగి ఇస్తారు. దానంతటది ఖాతాలో పడదు. ప్రయాణికుడే యాప్‌లోంచి అడగాలి, అడగడానికి మూడు నెలల గడువుంది. మీ పిల్లలు జర్మనీలో ఉంటే ఈ ఒక్క ముక్క ఈరోజే వాయిస్ పెట్టండి.