అసలులో కలిసిపోయే వడ్డీ

బీటెక్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి సంగతి చూద్దాం. విద్యారుణానికి నెలనెలా 14,272 రూపాయలు, ఒక్క వాయిదా తప్పకుండా 44 నెలలు కట్టింది. చేతి నుంచి పోయింది దాదాపు 6 లక్షల 28 వేలు. ఇంకా బాకీ ఎంతుందని బ్యాంకులో అడిగితే, 8 లక్షల వెయ్యి పైచిలుకు అన్నారు. ఆమె చదువుకోసం తీసుకున్నదే 8 లక్షలు!

అమ్మాయి ఊహే గానీ, లెక్క ఊహ కాదు. బ్యాంకు ఇందులో తప్పేమీ చేయలేదు. కట్టిన డబ్బు ఎటు పోయిందో తెలియాలంటే ఆమె కాలేజీలో చేరిన రోజుకు వెళ్లాలి.

విద్యారుణంలో చదువుకునే కాలానికి తోడు సాధారణంగా మరో ఏడాది మారటోరియం ఉంటుంది. నాలుగేళ్ల బీటెక్‌కు అది ఐదేళ్లు. ఆ ఐదేళ్లూ వాయిదాలు కట్టమని బ్యాంకు అడగదు. అడగడం లేదు కాబట్టి వడ్డీ కూడా పడటం లేదనుకునే తల్లిదండ్రులు చాలామంది. నిజానికి ఫీజు కాలేజీ ఖాతాకు చేరిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఊరి లెక్కలో చెప్పాలంటే, ఏడాదికి 10 శాతమంటే నూటికి నెలకు 83 పైసలు.

మన అమ్మాయికి బ్యాంకు ఏటా మొదట్లో 2 లక్షల చొప్పున నాలుగుసార్లు ఇచ్చింది. ఒక్కో 2 లక్షలకు ఏడాదికి 20 వేల వడ్డీ. మొదటిసారి ఇచ్చిన సొమ్ముకు ఐదేళ్ల వడ్డీ లక్ష రూపాయలైంది. రెండోదానికి నాలుగేళ్లకు 80 వేలు, మూడోదానికి 60 వేలు, చివరిదానికి 40 వేలు. అంతా కలిపి 2 లక్షల 80 వేలు. మారటోరియంలో ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా బారువడ్డీయే వేస్తాయి కాబట్టి ఇక్కడిదాకా వడ్డీకి వడ్డీ లేదు.

వాయిదాలు మొదలయ్యే రోజున ఆ 2 లక్షల 80 వేలూ అసలులో కలిసిపోతాయి. దీన్నే క్యాపిటలైజేషన్ అంటారు. ఆ రోజు నుంచి ఆమె అప్పు 10 లక్షల 80 వేలు. పాత వడ్డీ ఇప్పుడు అసలు అయింది కనుక దానిమీదా వడ్డీ నడుస్తుంది. మొదటి నెల వాయిదా 14,272లో 9 వేలు వడ్డీకే పోయి, అసలు తగ్గేది 5,272 రూపాయలే. అందుకే బాకీ మళ్లీ 8 లక్షల దగ్గరికి దిగిరావడానికి 44 నెలలు పట్టింది.

వడ్డీని ఎప్పటికప్పుడు కట్టేసి ఉంటే, 8 లక్షలకు పదేళ్ల వాయిదా 10,572 రూపాయలే. తేడా నెలకు 3,700. పదేళ్లకు అది 4 లక్షల 44 వేలవుతుంది. కట్టకుండా వదిలేసిన 2 లక్షల 80 వేలకు చివరికి చెల్లించిన ధర అది. వాయిదా తేలికవుతుందని గడువు పదిహేనేళ్లకు పెంచుకుంటే ఆ ధర 5 లక్షల 41 వేలు దాటుతుంది.

వడ్డీ మొత్తం కట్టడమంటే మొదటి ఏడాది నెలకు 1,667 రూపాయలు. ఏటా పెరుగుతూ నాలుగో ఏటికి అది 6,667 అవుతుంది. జీతం మీద బతికే ఇంటికి అది బరువే. కానీ అంతా కట్టాలి, లేదంటే ఏమీ కట్టనక్కర్లేదు అన్న పట్టింపేమీ లేదు. ఐదేళ్లూ నెలకు 1,500 కట్టినా 90 వేలవుతుంది. అసలులో కలిసే వడ్డీ 1 లక్షా 90 వేలకు తగ్గి, వాయిదా 13,083కి దిగుతుంది. ఆ 90 వేలు పదేళ్ల వాయిదాల్లో 1 లక్షా 42 వేల పైచిలుకు మిగులుస్తాయి. చదువు కాలంలో వడ్డీ పూర్తిగా కట్టేవారికి రేటులో కొంత రాయితీ ఇచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి. రుణపత్రంలో ఆ మాట ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు మారటోరియం వడ్డీని కేంద్రం భరించే పథకాలున్నాయి. అవి అర్హత ఉన్నంత మాత్రాన వాటంతటవే రావు, దరఖాస్తు పెట్టుకోవాలి.

అన్ని సంస్థలూ బారువడ్డీకే కట్టుబడవు. మారటోరియంలోనే నెలనెలా వడ్డీని అసలులో కలిపితే, ఇదే అప్పు ఐదేళ్లకు 10 లక్షల 80 వేల బదులు 11 లక్షల 40 వేలవుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఖాతా స్టేట్‌మెంట్ చాలు. కొత్తగా ఫీజు విడుదల కాని, రేటు మారని నాలుగైదు నెలల వడ్డీ పద్దులు చూడాలి. బారువడ్డీ అయితే 30 రోజుల నెలకూ 31 రోజుల నెలకూ ఉండే కాస్త తేడా తప్ప అంకె ఒకేలా ఉంటుంది. నెలనెలా కొద్దికొద్దిగా ఎక్కుతూ పోతోందంటే వడ్డీ మీద వడ్డీ పడుతున్నట్టే. అప్పుడు రుణపత్రం తీసుకుని బ్యాంకుకు వెళ్లి, అందులో ఏ పద్ధతి రాశారో అడగాలి. అది కూడా వాయిదాలు మొదలు కాకముందే.