అకౌంట్ స్టేటస్ పేజీలో కనిపించే మూడు లెక్కలు

నిబంధనల విషయంలో ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఏ స్థితిలో ఉందో ఆ ఖాతాదారుకు మాత్రమే చూపించే పేజీ అకౌంట్ స్టేటస్. ఇది 2021లో వచ్చింది. అప్పట్లో తొలగించిన పోస్టుల వివరాలు, ఖాతా రద్దయ్యే ప్రమాదం ఉందా లేదా అన్న సంగతే అందులో ప్రధానంగా ఉండేవి. ఫాలోవర్లు కానివారికి తమ పోస్టులు సిఫార్సు అవుతాయో లేదో ప్రొఫెషనల్ ఖాతాలవారికి తెలిపే భాగం 2022 డిసెంబరులో చేరింది. ప్రొఫైల్‌లోని మూడు గీతల గుర్తును నొక్కి, Settings and activity తెరిచి, కిందికి వెళ్తే Account Status దొరుకుతుంది. ఇబ్బంది లేని భాగం పక్కన ఆకుపచ్చ టిక్కు ఉంటుంది. అది లేనిచోట నొక్కి చూస్తే కారణం తెలుస్తుంది.

మొదటి లెక్క తొలగింపులది. కమ్యూనిటీ నిబంధనలను మీరినందుకు తీసేసిన ఫొటోలు, వీడియోలు, కామెంట్లు ఇక్కడ కనిపిస్తాయి. ఏ నిబంధన కింద తీశారో కూడా ఉంటుంది. పోస్టు తీసేయడం ఒకటి, స్ట్రైక్ పడడం ఇంకొకటి. తప్పు తీవ్రతను, సందర్భాన్ని బట్టి తొలగింపుతో పాటు స్ట్రైక్ పడొచ్చు, పడకపోవచ్చు. పడిన స్ట్రైక్ ఏడాది తర్వాత చెల్లిపోతుంది. నిర్ణయం సరికాదనుకుంటే అక్కడి నుంచే పునఃపరిశీలన కోరవచ్చు. అది ఫలిస్తే పోస్టు తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది.

రెండో లెక్క ఆంక్షలది. స్ట్రైకులు పోగైతే లైవ్ పెట్టడం, పోస్ట్ చేయడం వంటి కొన్ని సదుపాయాలు కొంతకాలం ఆగిపోతాయి. ఏవి ఆగాయో ఈ భాగం చెబుతుంది. ఇవి మెట్లమెట్లుగా ఎలా పెరుగుతాయో తెలియడానికి అదే మెటా సంస్థకు చెందిన ఫేస్‌బుక్ పద్ధతి ఉదాహరణ. 2023లో ప్రకటించిన ఆ పద్ధతిలో మొదటి స్ట్రైక్‌కు హెచ్చరికతో సరిపెడతారు. ఏడో స్ట్రైక్‌కు ఒక రోజు పోస్టింగ్ ఆగుతుంది. పదో స్ట్రైక్ నుంచి ఒక్కోసారి 30 రోజులు ఆగుతుంది. అయితే పిల్లలపై లైంగిక దోపిడీ వంటి తీవ్రమైన నేరాలకు ఈ మెట్లేమీ ఉండవు. ఖాతా నేరుగా రద్దు కావచ్చు.

ఎక్కువమంది తికమకపడేది మూడో లెక్కైన సిఫార్సు దగ్గర. ఎక్స్‌ప్లోర్‌లో, రీల్స్‌లో, ఫీడ్ మధ్యలో కొత్తవారికి దేన్ని చూపాలో నిర్ణయించే నిబంధనలు వేరు. ఇవి కమ్యూనిటీ నిబంధనలకన్నా కఠినం. అందుకే తప్పేమీ లేదని యాప్‌లో ఉండనిచ్చిన పోస్టునే సిఫార్సుకు పనికిరాదని పక్కన పెట్టడం జరుగుతుంది.

ఇంట్లో పొడులు చేసి అమ్మే ఒక ఖాతా ఉందనుకుందాం. మునగాకు పొడి రీల్ కింద “రోజూ రెండు చెంచాలు తింటే నెలలో బరువు తగ్గుతారు” అని రాసి, ఆర్డర్లకు నంబరు ఇచ్చారు. ఆ రీల్‌ను ఎవరూ తీసేయలేదు, స్ట్రైక్ పడలేదు, లైవ్ కూడా మామూలుగా పనిచేస్తోంది. కానీ బరువు తగ్గిస్తుందని, రోగం పోగొడుతుందని చెప్పి సరుకు అమ్మే పోస్టులు సిఫార్సుకు పనికిరావు. కాబట్టి అకౌంట్ స్టేటస్‌లో మొదటి రెండు భాగాలూ పచ్చగానే ఉన్నా, మూడోదానిలో ఆ రీల్ కనిపించవచ్చు. ఫాలోవర్లు దాన్ని ఎప్పటిలాగే చూడగలరు. ఇన్‌సైట్స్ తెరిస్తే మాత్రం ఫాలోవర్లు కానివారి వాటా బాగా పడిపోయి ఉంటుంది.

అప్పుడు మూడు దారులుంటాయి. రాతను దిద్దడం, రీల్‌ను తీసేయడం, నిర్ణయం తప్పనుకుంటే పునఃపరిశీలన కోరడం. మాట రాతలోనే ఉంటే దిద్దుబాటు పనికొస్తుంది. అదే మాటను వీడియోలో నోటితో చెప్పి ఉంటే దిద్ది లాభం లేదు, ఎందుకంటే పెట్టిన రీల్‌లో వీడియోను మార్చే వీలు లేదు. దాన్ని తీసేసి, ఆ మాట లేకుండా కొత్తది పెట్టుకోవాలి. ఇలాంటి పోస్టులు పదేపదే వస్తే ఒక్క రీల్‌తో పోదు. ఖాతా మొత్తమే సిఫార్సుకు దూరమవుతుంది. ప్రొఫైల్ ఫొటో, బయో నిబంధనలకు సరిపడకపోయినా ఇదే జరుగుతుంది.

ఈ పేజీ చెప్పని సంగతీ ఒకటుంది. మూడు భాగాల్లోనూ ఆకుపచ్చ టిక్కు ఉండి వ్యూస్ తగ్గితే, ఆ తగ్గుదలకు కారణం ఇక్కడ దొరకదు. సిఫార్సుకు అర్హత ఉన్నంత మాత్రాన సిఫార్సు చేసి తీరాలని లేదు. అర్హమైన పోస్టుల్లో ఎవరికి ఏది చూపాలన్నది చూసేవారి ఆసక్తిని బట్టి, వీడియోను ఎంతసేపు చూస్తున్నారు, ఇతరులకు పంపుతున్నారా అన్నదాన్ని బట్టి తేలుతుంది. దాన్ని తెలుసుకోవడానికి వెతకాల్సింది ఒక్కో రీల్ ఇన్‌సైట్స్‌లో.