హాట్‌స్పాట్ వాడే ఇంట్లో వాట్సాప్ డేటా పొదుపు

రోజుకు 1.5 జీబీ డేటా వచ్చే ప్రీపెయిడ్ ప్యాకు వేయించుకున్న ఇంట్లో ఎవరూ సినిమా చూడకపోయినా, సాయంత్రానికే డేటా అయిపోయిందన్న సందేశం వస్తూ ఉంటే, మొదట పరిశీలించవలసినది వాట్సాప్‌ను. ఊరి గ్రూపు, బంధువుల గ్రూపు, పనిచోటి గ్రూపు, పిల్లల బడి గ్రూపు: నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబానికి వీటిలో దేనినీ వదులుకోవడం సాధ్యం కాదు. వదులుకోవలసిన పని కూడా లేదు. వాటిలోకి వచ్చే ఫొటోలు, వీడియోలు అడగకుండానే ఫోనులోకి దిగకుండా ఆపితే చాలు.

వాట్సాప్‌లో Settings తెరిచి Storage and data అనే అంశంలోకి వెళితే Media auto-download అనే భాగం కనిపిస్తుంది. (ఇక్కడ ఇచ్చినవి ఫోను ఇంగ్లీషులో ఉన్నప్పుడు కనిపించే పేర్లు.) ఆండ్రాయిడ్ ఫోనులో దాని కింద మూడు వరుసలు ఉంటాయి. When using mobile data అన్నది సిమ్ డేటా వాడేటప్పటి ఏర్పాటు. When connected on Wi-Fi అన్నది వైఫైలో ఉన్నప్పటిది. When roaming అన్నది రోమింగ్‌లో ఉన్నప్పటిది. ఒక్కొక్క వరుసలో ఫొటోలు, ఆడియో, వీడియోలు, డాక్యుమెంట్లకు వేర్వేరుగా టిక్కు పెట్టవచ్చు, తీసివేయవచ్చు. ఎవరూ మార్చనంతవరకు సిమ్ డేటాపై ఫొటోలు మాత్రమే వాటంతటవే దిగుతాయి. వైఫైపై మాత్రం అన్నీ దిగుతాయి. వైఫై అంటే కొలత లేని ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అన్న భావనతో చేసిన ఏర్పాటు ఇది.

చాలా అద్దె ఇళ్లలో వైఫై అంటే బ్రాడ్‌బ్యాండ్ కాదు. ఇంట్లో ఒక ఫోనుకు రీచార్జి ఉంటుంది. దాని హాట్‌స్పాట్‌పై రెండో ఫోను నడుస్తుంది. ఆ రెండో ఫోనులోని వాట్సాప్‌కు హాట్‌స్పాట్ కూడా వైఫైగానే కనిపిస్తుంది. కనుక అది నిస్సంకోచంగా అన్నింటినీ దింపుకుంటుంది. ఖర్చు మాత్రం మొదటి ఫోను ప్యాకు నుంచి పోతుంది. డేటా పొదుపు చేస్తున్నామని మొబైల్ డేటా వరుసలో టిక్కులు తీసివేసి, వైఫై వరుసను అలాగే వదిలేసిన ఇళ్లలో ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఉదాహరణకు ఆదోని నుంచి బెంగళూరుకు వచ్చి హోటల్లో వంటపని చేసుకునే వ్యక్తి కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఊళ్లో మేనకోడలి పెళ్లి జరిగింది. బంధువుల గ్రూపులో ఒకే రోజు 150 ఫొటోలు, 24 వీడియోలు వచ్చాయి. ఫొటోకు 200 కేబీ చొప్పున 30 ఎంబీ. వీడియోకు 30 ఎంబీ చొప్పున 720 ఎంబీ. మొత్తం 750 ఎంబీ. భర్త ఫోనులో ఎప్పుడో మొబైల్ డేటా వరుసలో వీడియోలకు కూడా టిక్కు పెట్టి ఉంది. కాబట్టి పగలంతా అవి ఆయన ఫోనులోకి దిగాయి. రాత్రి ఆయన ఇంటికి వచ్చి హాట్‌స్పాట్ వేయగానే, అదే గ్రూపులో ఉన్న భార్య ఫోనులోకి అవే వీడియోలు మళ్లీ దిగాయి. 750కి మరో 750 కలిస్తే 1500 ఎంబీ, అంటే ఆ రోజు ప్యాకు మొత్తం. వాటిలో ఇద్దరూ నిజంగా చూసినవి తలంబ్రాల వీడియోతో కలిపి మూడో నాలుగో అయి ఉంటాయి.

రోజువారీ కోటా అయిపోయాక చాలా ప్యాకులలో ఇంటర్నెట్ ఆగిపోదు. వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కేబీ మాత్రమే. ఆ వేగంలో ఒక్క 30 ఎంబీ వీడియో దిగడానికి గంటకు పైగా పడుతుంది. అక్షరాల సందేశాలు ఎలాగో వెళతాయి. ఊళ్లో తాతమ్మ దగ్గర ఉన్న పిల్లవాడితో వీడియో కాల్ మాత్రం నిలవదు. దుకాణంలో యూపీఐ చెల్లింపు మధ్యలో చక్రంలా తిరుగుతూ ఉండిపోవచ్చు.

ఇటువంటి ఇంట్లో రెండు ఫోన్లలోనూ మూడు వరుసల్లోని టిక్కులన్నీ తీసివేయడం మేలు. ఐఫోనులో వరుసలు కాక, ఫొటోలు, ఆడియో, వీడియో, డాక్యుమెంట్లు అనే విడివిడి అంశాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో Never ఎంచుకోవాలి. ఆ తర్వాత వచ్చే ఫొటో మసకగా, వీడియో బాణం గుర్తుతో కనిపిస్తాయి. పక్కనే పరిమాణం ఉంటుంది. 2 ఎంబీయా, 60 ఎంబీయా అన్నది చూసి, కావలసిన దానిని తాకితే అదొక్కటే దిగుతుంది. మరీ వారాల తరబడి తాకకుండా వదిలేస్తే ఆ ఫైలు ఇక దొరకకపోవచ్చు. అప్పుడు పంపినవారినే మళ్లీ పంపమని అడగవలసి వస్తుంది. కనుక కాగితాలకు సంబంధించిన ఫొటోలు, పీడీఎఫ్‌లు వచ్చిన రోజే దింపుకోవడం మంచిది. వాయిస్ సందేశాలు మాత్రం ఈ ఏర్పాటుకు లోబడవు. అవి ఎప్పుడూ వాటంతటవే దిగుతాయి. అయితే వాటి బరువు తక్కువే.

ఆండ్రాయిడ్‌లో Media visibility అనే మరొక అంశాన్ని ఆపి, డేటా మిగులుతుందని అనుకునేవారు ఉన్నారు. అది దిగిన ఫొటోలను గ్యాలరీలో కనబడకుండా చేస్తుంది, అంతే. దిగడం మానదు, డేటా మిగలదు.

ఇక కాల్స్ సంగతి. అదే Storage and data పేజీలో Use less data for calls అనే మీట ఉంటుంది. దానిని వేస్తే వాట్సాప్ కాల్స్‌కు తక్కువ డేటా వాడుతుంది. అందుకు బదులుగా ధ్వని, చిత్రం నాణ్యత కొంత తగ్గవచ్చు. మాట స్పష్టంగా వినబడనంతగా తగ్గితే మీటను తిరిగి తీసివేయవచ్చు. మీట వేసినంత మాత్రాన వీడియో కాల్ వాయిస్ కాల్ అంత తేలిక కాదు. వీడియో కాల్‌లో అవతలివారి చిత్రం రావడానికే కాక, ఇవతలి చిత్రం వెళ్లడానికి కూడా డేటా ఖర్చవుతుంది. పిల్లవాడి ముఖం చూశాక వీడియోను ఆపి, మాటలు వాయిస్‌లో కొనసాగించడం మీట కంటే ఎక్కువ మిగులుస్తుంది. ప్యాకులో అపరిమిత కాల్స్ ఉన్నవారు దేశంలోపల మాట్లాడడానికి వాట్సాప్‌కు బదులు మామూలు ఫోన్ కాల్ చేస్తే డేటా అసలు తగ్గదు. ఈ సంగతి తెలిసి కూడా అలవాటుకొద్దీ వాట్సాప్‌లోనే పిలిచేవారు ఎందరో.

ఈ మార్పులు పనిచేస్తున్నాయో లేదో ఊహించనక్కరలేదు. Storage and data పేజీలోనే Network usage అనే అంశంలో కాల్స్‌కు ఎంత, మీడియాకు ఎంత అన్న లెక్క, పంపినది, అందుకున్నది వేర్వేరుగా ఉంటుంది. అడుగున ఉన్న Reset statistics తాకితే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా చేసి, ఇంటికి పది నిమిషాలు వీడియో కాల్ మాట్లాడి చూడాలి. మర్నాడు మళ్లీ సున్నా చేసి, మీట వేసి, మరో పది నిమిషాలు మాట్లాడి పోల్చుకోవాలి. సిగ్నలును బట్టి అంకెలు మారతాయి కనుక రెండుసార్లూ ఒకే చోట కూర్చుని మాట్లాడడం అవసరం. మొదటి ఫోనులోని ఈ లెక్కలో రెండో ఫోను వాడిన డేటా చేరదు. అందుకని ప్రతి ఫోనులోనూ విడిగా చూడాలి. రెండు లెక్కలూ తక్కువగానే ఉండి ప్యాకు మాత్రం అయిపోతూ ఉంటే, మొదటి ఫోను సెట్టింగులలో డేటా వాడకం పేజీ తెరిచి ఏ యాప్ ఎంత వాడిందో చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హాట్‌స్పాట్ వాడకం అక్కడే విడి వరుసగా కనిపిస్తుంది. ఆ వరుసలోని అంకె రెండో ఫోను వాట్సాప్ లెక్క కంటే బాగా ఎక్కువగా ఉంటే, వెతకవలసినది రెండో ఫోనులోని ఇతర యాప్‌లలో, లేదా హాట్‌స్పాట్ పాస్‌వర్డు తెలిసిన పక్కింటివారి ఫోనులో.