ఎనిమిది వాక్యాల నివాళిలో ఐదు తేదీలు

ఊళ్లో ఒక స్వాతంత్ర్య సమరయోధుడు కన్నుమూస్తే మర్నాటికల్లా శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపిస్తుంది. పైన ఫొటో, కింద ఏడెనిమిది వాక్యాలు. ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు జైలుకు వెళ్లారు, ఏ పదవులు చేశారు, ఎప్పుడు పోయారు. దాన్నే జిల్లా ఎడిషన్ విలేకరి కాపీ చేసుకుంటాడు. పదేళ్ల తర్వాత బడిపిల్లల వ్యాసరచన పోటీకీ అదే ఆధారం, విగ్రహం కింద చెక్కే శిలాఫలకానికీ అదే ఆధారం. అందుకే ఆ కాగితంలో విశేషణాలు తగ్గినా పరవాలేదు గానీ తేదీ తప్పకూడదు.

తేదీలు ఎలా తప్పుతాయో, వాటిని ఎలా పట్టుకోవాలో చూడటానికి వావిలాల గోపాలకృష్ణయ్య గారి జీవితం మంచి ఉదాహరణ. సత్తెనపల్లి వారు, గ్రంథాలయోద్యమంలో మనిషి, ఆయన మీద ఏ గ్రంథాలయం నివాళి రాసినా ఇంటి మనిషి గురించి రాసినట్టే. 1906 సెప్టెంబర్ 17న పుట్టారు. 2003 ఏప్రిల్ 29న పోయారు. ఈ రెండు తేదీలూ స్థిరంగా ఉన్నా, వయసు దగ్గరే మొదటి పొరపాటుకు చోటుంది. 2003లోంచి 1906 తీసేస్తే 97 వస్తుంది. కానీ ఆ ఏడాది పుట్టినరోజు సెప్టెంబర్‌లో గానీ రాదు కాబట్టి ఏప్రిల్‌లో ఆయనకు నిండినవి 96 ఏళ్లే. ‘97వ ఏట’ అని రాసినా ఒప్పే, ‘96 ఏళ్లు’ అని రాసినా ఒప్పే. ‘97 ఏళ్ల వయసులో’ అంటేనే తప్పు. మన పెద్దవాళ్లు నడుస్తున్న ఏడాదిని లెక్కలో కలిపి చెబుతారు, ఆస్పత్రి కాగితం నిండిన ఏళ్లను చెబుతుంది. నోటీసులో ఏ పద్ధతి వాడినా మొదటి నుంచి చివరిదాకా అదే వాడాలి.

రెండో పొరపాటు ఇంకా సాధారణం. ‘ఆంధ్రప్రదేశ్ శాసనసభకు నాలుగుసార్లు ఎన్నికయ్యారు’ అని ఆయన గురించి చాలామంది రాస్తుంటారు. నాలుగుసార్లన్నది నిజమే. కానీ 1952లో ఆయన గెలిచినది మద్రాసు శాసనసభకు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, 1955లో గెలిచినది ఆ రాష్ట్ర శాసనసభకు. 1956 నవంబర్ 1 తర్వాత గానీ ఆంధ్రప్రదేశ్ లేదు కాబట్టి ఆ పేరుతో చెప్పదగినవి 1962, 1967 ఎన్నికలు మాత్రమే. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. దేశమంతా 1957లో ఎన్నికలు జరిగాయి గదా అని, కోస్తా, రాయలసీమ నాయకుల పరిచయాల్లో ‘1957లో శాసనసభ్యులయ్యారు’ అని అలవాటుగా రాసేస్తారు. ఆ ఏడాది శాసనసభ సాధారణ ఎన్నికలు జరిగింది తెలంగాణ ప్రాంతంలోనే. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవారే 1962 దాకా కొనసాగారు. గుంటూరు వైపు నాయకుడి కాగితంలో 1957 కనిపిస్తే, ఉప ఎన్నిక అయితే తప్ప, ఎవరో ఊహించి రాశారని అర్థం చేసుకోవచ్చు.

ఈ రకం పొరపాట్లు చరిత్ర పుస్తకం పక్కన పెట్టుకుంటే దొరికిపోతాయి. పుట్టిన తేదీ అలా కాదు.

జనన మరణాల నమోదును దేశమంతటికీ ఒకే పద్ధతిలోకి తెచ్చిన చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలో నమోదు చట్టం ఉన్నా, పల్లెల్లో పుట్టిన చాలామంది సమరయోధులకు జనన ధ్రువపత్రం ఉండదు. ఉండేది బడి రిజిస్టరు. అందులో తేదీని పిల్లవాణ్ణి చేర్పించడానికి వచ్చిన తండ్రో, బాబాయో చెబితే హెడ్మాస్టరు రాసుకున్నాడు. అందుకే ఆ తరం వాళ్లలో అంతమంది జూన్ 1న, జూలై 1న పుట్టినట్టు కనిపిస్తారు. బడి తెరిచే రోజుల తేదీలవి. ఇంట్లో జాతకం ఉంటే అందులో సంవత్సరం పేరు, తిథి, వారం ఉంటాయి. ఈ మూడూ కలిస్తే పాత పంచాంగంతో ఇంగ్లీషు తేదీ తేల్చవచ్చు. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే జాగ్రత్తగా ఉండాలి. పరాభవ అంటే 1906లో ఉగాది నుంచి 1907 ఉగాది దాకా. ఫాల్గుణంలో పుట్టినవారికి 1906 వేస్తే ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది.

రెండు తేదీలు పాతుకుపోయిన సందర్భం పింగళి వెంకయ్య గారిది. ఆగస్టు 2 అనడంలో భేదం లేదు. సంవత్సరం మాత్రం 1876 అని కొన్ని చోట్ల, 1878 అని కొన్ని చోట్ల ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వం 146వ జయంతి జరిపింది, అంటే 1876ను లెక్కలోకి తీసుకుంది. అయితే దీనితో పని అయిపోలేదు. ఆయన 19వ ఏట బోయర్ యుద్ధానికి వెళ్లారని తరచూ రాస్తారు. ఆ యుద్ధం మొదలైంది 1899 అక్టోబర్‌లో. 1876లో పుడితే అప్పటికి 23 ఏళ్లు, 1878లో పుడితే 21. ఏ సంవత్సరం తీసుకున్నా 19 కుదరదు. అలాంటప్పుడు గ్రంథాలయం చేయాల్సింది, రెండు సంవత్సరాలూ ప్రచారంలో ఉన్నాయని ఒక్క ముక్కలో రాసి, వయసు చెప్పే వాక్యాన్ని కొట్టేయడం. యుద్ధంలో పాల్గొన్నారని రాస్తే చాలు. 1963 జూలై 4న పోయారన్న దానికి వివాదం లేదు గనుక అది నిశ్చింతగా వేయవచ్చు.

నివాళిలో అసలు కష్టం జైలు వాక్యంతో వస్తుంది. ‘మా నాన్నగారు ఉప్పు సత్యాగ్రహంలో ఏడాది జైల్లో ఉన్నారండీ’ అని కొడుకు చెబుతాడు. అబద్ధం చెప్పడు, కానీ ఆయన గుర్తుపెట్టుకున్నది మేజిస్ట్రేటు వేసిన శిక్ష. గడిపిన కాలం వేరు. 1931 మార్చి 5న గాంధీ, ఇర్విన్‌ల ఒప్పందం కుదిరాక సత్యాగ్రహ ఖైదీలను విడుదల చేశారు. 1930 జూన్‌లో ఏడాది శిక్ష పడినవారు తొమ్మిది నెలలకే బయటికొచ్చి ఉంటారు. అలాగే ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి మార్చి 1930లోనే అరెస్టయ్యారని ఎవరైనా చెబితే ఆగి అడగాలి. గాంధీ దండిలో ఉప్పు తీసింది ఏప్రిల్ 6న, ఉద్యమం ఊళ్లకు పాకింది ఆ తర్వాతే.

1940ల్లో ఇంకో గందరగోళం ఉంది. ‘1940 నుంచి 44 దాకా జైలు’ అని ఇంట్లో చెప్పుకుంటారు. వ్యక్తి సత్యాగ్రహం 1940 అక్టోబర్‌లో మొదలైంది, ఆ ఖైదీలను ప్రభుత్వం 1941 డిసెంబర్‌లో వదిలేసింది. 1942 ఆగస్టు 9 తర్వాత మళ్లీ పట్టుకున్నారు. అంటే అవి రెండు వేర్వేరు జైళ్లు, మధ్యలో కొన్ని నెలల స్వేచ్ఛ. రెండోసారి చాలామందికి కోర్టు శిక్షే లేదు, భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధంలో ఉంచారు. వాళ్ల విషయంలో ‘శిక్ష అనుభవించారు’ అనకుండా ‘నిర్బంధంలో ఉన్నారు’ అనాలి.

ఇవన్నీ తేల్చే కాగితం ఒకటి సాధారణంగా ఆ ఇంట్లోనే ఉంటుంది. కేంద్రం 1972లో సమరయోధులకు పింఛను పెట్టింది, 1980లో దాన్ని విస్తరించింది. కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు చూపాలి, స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి మూడు నెలలు. దానికోసం జైలు నుంచి ధ్రువపత్రం తెచ్చుకున్నారు. రాజమండ్రి, వెల్లూరు, కడలూరు, బళ్లారి దగ్గర అల్లీపురం జైళ్ల రికార్డుల నుంచి తెచ్చిన ఆ పత్రాల్లో జైలుకొచ్చిన తేదీ, విడుదల తేదీ ఉంటాయి. జైలు రికార్డు దొరకనప్పుడు తోటి ఖైదీ రాసిచ్చిన ధ్రువీకరణ పెట్టారు. రెంటికీ తేడా ఉంది. మొదటిది రిజిస్టరు చూసి రాసినది, రెండోది 30, 40 ఏళ్ల తర్వాత గుర్తుతో రాసినది. నోటీసులో తేదీ వేయడానికి మొదటిదే పనికొస్తుంది. రెండోదే ఉంటే, నా అభిప్రాయంలో, సంవత్సరం వేసి ఊరుకోవాలి.

తెలంగాణలో ఈ పత్రాలకు ఇంకో మెట్టుంది. నిజాం రాజ్యంలో ఫసలీ వాడేవారు. ఏడాది ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అయితే ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి అయితే 591. 1357 ఆబాన్ అని ఉంటే అది సెప్టెంబర్ 1948 మొదలుకుని అక్టోబర్ తొలి రోజుల దాకా వస్తుంది, సైనిక చర్య జరిగిన రోజులవి. 590 కలిపేసి 1947 అని రాస్తే ఆ మనిషి ఏడాది ముందే జైలు నుంచి బయటికొచ్చినట్టు అవుతుంది. మద్రాసు వైపు రెవెన్యూ ఫసలీ జూలై 1న మొదలవుతుంది గనుక, కాగితం ఏ ప్రాంతానిదో ముందు చూడాలి.

మరణ తేదీ కళ్ల ముందు జరిగినదే గదా అనుకుంటాం. అందులోనూ రెండు గుంటలున్నాయి. 30వ తేదీ పేపర్లో ‘నిన్న మృతి’ అని ఉంటే కొందరు పేపరు తేదీనే ఎత్తి రాస్తారు. ఇక తెల్లవారుజామున రెండింటికి ప్రాణం పోతే ఇంట్లోవాళ్లు ‘నిన్న రాత్రి’ అంటారు, ఎందుకంటే మనకు రోజు సూర్యోదయంతో మారుతుంది. ఆస్పత్రి, పంచాయతీ అర్ధరాత్రితో మారుస్తాయి. తద్దినానికి తిథి, నోటీసుకు ధ్రువపత్రం తేదీ. మరణ నమోదుకు 21 రోజుల గడువుంది కాబట్టి మర్నాడే ధ్రువపత్రం చేతికి రాకపోవచ్చు. అప్పటికి ఆస్పత్రి ఇచ్చిన కాగితం చూసి రాయాలి, ధ్రువపత్రం వచ్చాక సరిచూడాలి.

ఇలా వడకట్టాక వావిలాల వారి నోటీసు ఇంతే మిగులుతుంది: ‘శ్రీ వావిలాల గోపాలకృష్ణయ్య (17 సెప్టెంబర్ 1906 – 29 ఏప్రిల్ 2003). సత్తెనపల్లిలో జన్మించారు. స్వాతంత్ర్యోద్యమంలో, గ్రంథాలయోద్యమంలో పనిచేశారు. సత్తెనపల్లి నుంచి 1952లో మద్రాసు శాసనసభకు, 1955లో ఆంధ్ర శాసనసభకు, 1962, 1967లలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1992లో పద్మభూషణ్ పొందారు. 97వ ఏట కన్నుమూశారు.’ జైలు పత్రం చేతికొస్తే మూడో వాక్యం తర్వాత ఇంకో వాక్యం చేరుతుంది, రాకపోతే లేదు.

మీ ఇంట్లో పింఛను ఫైలు ఉంటే దాని జిరాక్సు ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి, పెద్దాయన ఉండగానే ఇస్తే మరీ మంచిది. వెనక వైపు ఎవరు ఇచ్చారో, ఏ రోజు ఇచ్చారో పెన్సిల్‌తో రాయడం మరిచిపోకండి.