వైవాకు ముందే వెళ్లాల్సిన ప్రశ్నలు

ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు వైవాకు బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షకుడు వస్తారు. విద్యార్థులు ఆయన్ని ‘ఎక్స్‌టర్నల్’ అంటారు. నియామకం ఖరారయ్యాక లెక్చరర్ ఆయనకు రాసే ఉత్తరం చాలాచోట్ల తేదీ, సమయం, ప్రయాణ భత్యంతో ముగిసిపోతుంది. బ్యాచ్‌కు ఎంత సమయం దొరుకుతుందో కూడా అందులో ఉండాలి. పదిహేను బ్యాచ్‌లకు తలా ఇరవై నిమిషాలంటే అయిదు గంటలు. డెమోకు ఎనిమిది నిమిషాలు పోతే, నలుగురున్న బ్యాచ్‌లో మనిషికి మిగిలేది మూడు నిమిషాలే. ఆ మూడు నిమిషాల్లో ఏం అడగాలన్నదే అసలు సంగతి. అందుకే ప్రతి ప్రాజెక్టు సారాంశంతో పాటు నమూనా ప్రశ్నలూ జతచేయాలి.

ఎన్నో కాలేజీల్లో కనిపించే ప్రాజెక్టునే తీసుకుందాం: ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే సాఫ్ట్‌వేర్. ‘మీ అల్గారిథం ఏమిటి?’ అని అడిగితే బట్టీ పట్టిన జవాబు వస్తుంది. ప్రాజెక్టును బయట కొనుక్కొచ్చిన విద్యార్థి కూడా అది చెప్పగలడు. ‘ఫొటోలు ఎవరు తీశారు, ఎన్ని రోజుల్లో తీశారు?’ అని అడిగితే, పని చేసినవాళ్లకే జవాబు తెలుస్తుంది.

అరవై మందివి తలా ఇరవై ఫొటోలు, మొత్తం 1200 ఉన్నాయనుకుందాం. వాటిని కలగలిపి 960తో నేర్పించి, మిగిలిన 240తో పరీక్షించారు. రిపోర్టులో 97 శాతం కచ్చితత్వం అని ఉంది. కానీ ఒక్కొక్కరి ఇరవై ఫొటోలూ ఒకే నిమిషంలో, ఒకే చోట, ఒకే చొక్కాలో తీసినవైతే, నేర్పినవీ పరీక్షించినవీ దాదాపు ఒకటే. పరీక్ష పేపరు ముందే చూపించినట్టే. కాబట్టి నమూనా ప్రశ్న ఇలా ఉండాలి: ‘మరో రోజు, వేరే వెలుతురులో తీసిన ఫొటోలతో చూశారా? శాతం ఎంతకు పడింది?’ దాని వెంటే ఇంకొకటి: ‘స్నేహితుడి ఫొటోను మొబైల్లో చూపిస్తే హాజరు పడుతుందా?’ దీన్ని డెమోలో అక్కడికక్కడే చేసి చూడొచ్చు.

ప్రతి ప్రశ్న కింద ఎలాంటి జవాబు ఆశించాలో లెక్చరర్ రెండు వాక్యాల్లో రాస్తే మంచిది. ‘వేరే రోజు ఫొటోలతో చూశాం, బాగా తగ్గింది, వెలుతురే కారణమనుకుంటున్నాం’ అన్న విద్యార్థికి, 97 శాతమే పట్టుకుని కూర్చున్నవాడి కన్నా ఎక్కువ మార్కులు రావాలని నేను గట్టిగా నమ్ముతాను. కోడ్ రాసినవారిని, ఫొటోలు సేకరించినవారిని వేర్వేరుగా అడగమని కూడా ఉత్తరంలో కోరాలి. లేకపోతే నలుగురి తరఫునా ఒక్కడే మాట్లాడతాడు, మార్కులు నలుగురికీ పడతాయి.

ఇవి నమూనాలేనని, మార్చుకునే స్వేచ్ఛ పూర్తిగా ఎక్స్‌టర్నల్‌దేనని స్పష్టంగా రాయాలి. ప్రశ్నలు విద్యార్థుల చేతికి అందకూడదు. వైవాకు వారం ముందే సారాంశాలతో కలిపి పంపితే, చదువుకుని వచ్చే వీలు ఆయనకు ఉంటుంది.