అతుకు దగ్గర మాయమయ్యే పాతిక మిల్లీసెకన్లు

రెండు గంటల కర్ణాటక సంగీత కచేరీ ఒకే ఎంపీ3 ఫైలుగా ఉందనుకుందాం. ఏ కీర్తనకు ఆ కీర్తనను విడిగా వినడానికి దాన్ని ముక్కలు చేస్తాం. చాలాచోట్ల ఇబ్బందేమీ ఉండదు, ఎందుకంటే కీర్తన ముగిశాక చప్పట్లు ఉంటాయి. రాగాలాపన ముగిసి కీర్తన మొదలయ్యే చోట మాత్రం అలా కుదరదు. అక్కడ గాయకుడు ఊపిరి తీసుకున్నా తంబురా మోగుతూనే ఉంటుంది. అక్కడ కత్తిరించి రెండు ముక్కల్నీ వరసగా వింటే, అతుకు దగ్గర తంబురా శ్రుతి ఒక్క క్షణం తెగి మళ్ళీ మొదలవుతుంది. ఒక్కోసారి చిన్న 'టిక్' శబ్దం కూడా వస్తుంది. కత్తిరించే సాఫ్ట్‌వేరు ఒక్క బైటు కూడా పారేయలేదు. అయినా శబ్దంలో గండి పడింది. అది ఎలా పడుతుందో తెలియాలంటే ఎంపీ3 లోపలి అమరిక చూడాలి.

సీడీ నాణ్యత గల శబ్దంలో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. వీటినే శాంపిళ్ళు అంటారు. ఎంపీ3 వీటిని ఒక్కొక్కటిగా దాచదు. 1,152 శాంపిళ్ళను ఒక ఫ్రేమ్‌గా కట్టి, మొత్తం ఫ్రేమ్‌ను కుదిస్తుంది. అంటే ఒక్కో ఫ్రేమ్ 26 మిల్లీసెకన్ల సంగీతం. ఫైలులో ఈ ఫ్రేములు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ప్రతిదాని మొదట్లో నాలుగు బైట్ల శీర్షిక ఉంటుంది. మళ్ళీ కుదించకుండా, నాణ్యత తగ్గకుండా కత్తిరించే సాఫ్ట్‌వేర్లు ఈ శీర్షికల దగ్గరే కోస్తాయి. ఫ్రేమ్ మధ్యలో కోస్తే ఆ ఫ్రేమ్ ఎందుకూ పనికిరాదు.

మన కచేరీలో కీర్తన 12 నిమిషాల 34.5 సెకన్ల దగ్గర మొదలవుతుందనుకుందాం. అంటే మొదటి నుంచి 3,32,73,450 శాంపిళ్ళు. దీన్ని 1,152తో భాగిస్తే 28,883 నిండు ఫ్రేములు పోను 234 శాంపిళ్ళు మిగులుతాయి. మనం అనుకున్న చోటుకు దగ్గరి ఫ్రేము సరిహద్దు 234 శాంపిళ్ళ ముందు, అంటే సుమారు 5 మిల్లీసెకన్ల ముందు ఉంది. ఈ తేడా ఎవరి చెవికీ అందదు. కోతకు ఈ ఆదేశం చాలు:

```
ffmpeg -i kacheri.mp3 -ss 754.5 -c copy part2.mp3
```

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఫైలులో కనిపించే సరిహద్దు శబ్దంలో సరిహద్దు కాదు. ఫ్రేములు బయటికి విడివిడి పొట్లాల్లా ఉన్నా, లోపల ఒకదానిమీద ఒకటి రెండు రకాలుగా ఆధారపడి ఉంటాయి.

మొదటి ఆధారం శబ్దానిది. పెంకుటింటి కప్పు మీద ప్రతి వరసా కింది వరస మీదికి కొంత ఎక్కి ఉన్నట్టు, ఎంపీ3లో ప్రతి భాగమూ పక్క భాగం మీదికి సగం ఎక్కి ఉంటుంది. ఒక్కో ఫ్రేములో 576 శాంపిళ్ళ చొప్పున రెండు భాగాలుంటాయి. కుదించేటప్పుడు ఒక్కో భాగానికి దాని పక్క భాగాన్ని కూడా కలిపి లెక్క కడతారు. తిరిగి విప్పేటప్పుడు, తగ్గుతూ పోయే పాత భాగం చివరి సగాన్నీ, పెరుగుతూ వచ్చే కొత్త భాగం మొదటి సగాన్నీ కూడితేనే అసలు శబ్దం వస్తుంది. విడిగా చూస్తే ఏ సగంలోనూ సరైన శబ్దం ఉండదు. కుదింపు వల్ల పుట్టిన వక్రత కూడా రెండింటిలోనూ ఉంటుంది. కూడినప్పుడు అది ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. రెండో ముక్కను మొదలుపెట్టిన ప్లేయరు దగ్గర పాత భాగం చివరి సగం లేదు. అందుకే తొలి 13 మిల్లీసెకన్లు బలహీనంగా, కాస్త వికృతంగా పలుకుతాయి. మొదటి ముక్క చివర కూడా ఇదే లోటు. దాని ఆఖరి శాంపిళ్ళు పూర్తి కావడానికి కావలసిన మిగతా సగం రెండో ఫైలులోకి పోయింది.

రెండో ఆధారం బైట్లది. 128 కిలోబిట్ల వేగంతో కుదించిన ఫైలులో ఒక్కో ఫ్రేముకు 417 లేదా 418 బైట్ల చోటు ఉంటుంది. శీర్షికకూ, దాని వెంటనే ఉండే వివరాలకూ 36 బైట్లు పోగా సంగీతానికి సుమారు 381 మిగులుతాయి. తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు అంత చోటు అక్కరలేదు. మృదంగం గట్టిగా పలికినప్పుడు అది చాలదు. అందుకని తేలికైన ఫ్రేముల్లో మిగిలిన చోటును, తరవాత వచ్చే బరువైన ఫ్రేము వాడుకునే ఏర్పాటు ఎంపీ3లో ఉంది. దీన్ని బిట్ రిజర్వాయర్ అంటారు. ప్రతి ఫ్రేమూ తన సమాచారం ఎన్ని బైట్లు వెనక్కి మొదలవుతుందో చెబుతుంది. అలా 511 బైట్ల వరకు వెనక్కి వెళ్ళవచ్చు.

ఇప్పుడు మన కోతను చూడండి. రెండో ముక్కలోని మొదటి ఫ్రేము, 'నా సమాచారం 300 బైట్లు వెనక మొదలైంది' అంటుందనుకుందాం. ఆ 300 బైట్లు మొదటి ఫైలులో ఉండిపోయాయి. ప్లేయరు ఆ ఫ్రేమును విప్పలేదు. పరిస్థితి ఇంకా గట్టిగా ఉంటే రెండో ఫ్రేమూ పోవచ్చు. అది 511 బైట్లు వెనక్కి చూస్తే, మొదటి ఫ్రేములో ఉన్నవి 381 మాత్రమే. తక్కిన 130 బైట్లు కోతకు అవతల ఉన్నాయి. మూడో ఫ్రేముకు ఈ బెడద లేదు, కానీ దాని ముందటి ఫ్రేము విప్పబడలేదు కాబట్టి దాని తొలి సగానికి తోడు లేదు. అలా 26 నుంచి 52 మిల్లీసెకన్ల వరకు సంగీతం పోతుంది. కొన్ని ప్లేయర్లు ఆ చోట నిశ్శబ్దం పెడతాయి, కొన్ని ఆ ఫ్రేములను దాటేస్తాయి. మొదటి పద్ధతిలో శ్రుతి ఆగుతుంది, రెండోదాంట్లో గెంతుతుంది. 320 కిలోబిట్ల ఫైళ్ళలో ఈ అరువు దాదాపు ఉండదు కాబట్టి, అక్కడ గండి ఇంతకన్నా చిన్నది.

వీటికి మూడో కారణం తోడవుతుంది. అది కోతకు ముందే ఫైలులో ఉంది. కుదించేటప్పుడు ఎన్‌కోడరు సంగీతానికి ముందు కొంత నిశ్శబ్దం చేరుస్తుంది. చివరి ఫ్రేము నిండకపోతే అక్కడా కొంత కలుపుతుంది. లేమ్ అనే ప్రసిద్ధ ఎన్‌కోడరు ముందు చేర్చే నిడివి మామూలుగా 576 శాంపిళ్ళు. విప్పే పద్ధతి వల్ల వచ్చే ఆలస్యం మరో 529. మొత్తం 1,105 శాంపిళ్ళు, అంటే 25 మిల్లీసెకన్లు. 1993లో వెలువడిన ఎంపెగ్-1 ప్రమాణంలో ఈ లెక్క రాసుకునే చోటు లేదు. లేమ్ రూపకర్తలు ఫైలు మొదట్లో ఒక ప్రత్యేక ఫ్రేము పెట్టి, ముందు ఎన్ని, వెనక ఎన్ని శాంపిళ్ళు వదిలెయ్యాలో అందులో రాసే పద్ధతి తెచ్చారు. దాన్ని చదివే ప్లేయరు ఆ నిశ్శబ్దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. చదవని ప్లేయరు ఆ ప్రత్యేక ఫ్రేమును కూడా ఖాళీ సంగీతంగా వాయిస్తుంది, మరో 26 మిల్లీసెకన్లు చేరతాయి.

ఫైళ్ళు కోసే సాఫ్ట్‌వేరు ఈ లెక్కను సరిదిద్దకపోతే మరో ఇబ్బంది. పాత ఫైలు ప్రత్యేక ఫ్రేమును యథాతథంగా మొదటి ముక్కలో ఉంచితే, కచేరీ చివర కలిపిన ఖాళీ కోసం రాసిన అంకె ఇప్పుడు ఆలాపన చివరికి వర్తిస్తుంది. ప్లేయరు నిజమైన సంగీతాన్నే ఖాళీ అనుకుని కోసేస్తుంది. ఆ ఫ్రేములో మొత్తం ఫ్రేముల సంఖ్య కూడా ఉంటుంది కాబట్టి, పన్నెండు నిమిషాల ముక్కకు రెండు గంటల నిడివి కనిపించడం ఈ లోపానికి స్పష్టమైన గుర్తు.

గండి ఏ కారణంతో పడిందో దాని పొడవే చాలావరకు చెబుతుంది. రెండు ముక్కల్నీ ఆడాసిటీ వంటి ఎడిటరులో పక్కపక్కన పెట్టి అతుకు దగ్గర పెద్దది చేసి చూడాలి. చదునైన గీత దాదాపు 1,152 శాంపిళ్ళు లేదా దానికి రెట్టింపు ఉంటే ఫ్రేములు విప్పబడలేదని అనుమానించాలి. 1,105కు దగ్గరగా ఉంటే అది ఎన్‌కోడరు చేర్చిన నిడివి. గీత చదునుగా లేకుండా తరంగం నిట్టనిలువుగా గెంతితే అదే 'టిక్' శబ్దానికి మూలం. ఎడిటరులో అతుకు శుభ్రంగా ఉండి, వినేటప్పుడు మాత్రం పావు సెకను, అర సెకను ఆగుతుంటే ఫైళ్ళలో తప్పు లేదు. ప్లేయరు రెండో ఫైలును తెరవడానికి తీసుకుంటున్న సమయం అది.

దీనికి మందు కూడా ఈ ఆధారాల్లోంచే పుట్టింది. ఫ్రేము పక్కవాటి మీద ఆధారపడుతుంది కనుక, పక్కవాటిని కూడా కొంత వెంట తీసుకెళ్ళాలి. పీకట్‌ఎంపీ3 అనే చిన్న సాఫ్ట్‌వేరు ఈ పద్ధతిలోనే శాంపిలు స్థాయి కోతకు తయారైంది. రెండో ముక్కను కోత కన్నా కాస్త ముందునుంచి మొదలుపెట్టాలి, వెనక ఉండిపోయిన బైట్లను అందించే ఫ్రేము ఒకటి జోడించాలి. మొదటి ముక్కను కోత దాటి మరికొంత సాగనివ్వాలి. అప్పుడు ప్రత్యేక ఫ్రేములో, 'మొదట్లో ఇన్ని శాంపిళ్ళు వదిలెయ్, చివర ఇన్ని వదిలెయ్' అని రాయాలి. మన 234 శాంపిళ్ళ తేడా కూడా ఇందులోనే సర్దుకుంటుంది. ఆ అంకెలకు 12 బిట్ల చోటు ఉంది కాబట్టి 4,095 దాకా రాయవచ్చు. మూడు ఫ్రేముల నిడివికి అది సరిపోతుంది. ఈ పద్ధతికి ఒక్కటే షరతు: ప్లేయరు ఆ అంకెలను గౌరవించాలి. గౌరవించని ప్లేయర్లో అదనంగా తెచ్చిన భాగం రెండుసార్లు వినిపిస్తుంది.

తరవాత వచ్చిన ఓపస్ ఈ పాఠం నేర్చుకుంది. మొదట్లో ఎన్ని శాంపిళ్ళు వదలాలో దాని శీర్షికలోనే తప్పనిసరిగా రాస్తారు. ఓపస్ ఫైలును కోసి కొత్త ఫైలు చేసేటప్పుడు కనీసం 80 మిల్లీసెకన్లు ముందునుంచి తీసుకుని, ఆ మేరకు వదిలెయ్యమని రాయాలని దాని నియమావళి సిఫారసు చేస్తుంది.

ఇంట్లో కచేరీలు దాచుకునేవాళ్ళకు ఇన్ని తంటాలు అక్కర్లేని దారి కూడా ఉంది. ఫైలును అసలు కోయకుండా, పక్కన ఒక చిన్న క్యూ ఫైలు రాసి పెట్టుకోవచ్చు. అందులో ప్రతి కీర్తన ఎక్కడ మొదలవుతుందో నిమిషాలు, సెకన్లు, సెకనులో 75వ వంతుల్లో రాస్తారు. మన కీర్తనకు ఆ వరస ఇలా ఉంటుంది:

```
INDEX 01 12:34:37
```

క్యూ ఫైలును చదవగల ప్లేయరు దీన్ని చూసి కీర్తనలను విడివిడిగా చూపిస్తుంది. శబ్దం మాత్రం ఒకే ఫైలులోంచి ఆగకుండా వస్తుంది. కోత లేదు కనుక గండి పడే ప్రశ్నే లేదు. విడి ఫైళ్ళే కావాలంటే, ఎంపీ3 చేయకముందు నాటి అసలు రికార్డింగు దగ్గర ఉంటే దాన్నే శాంపిలు స్థాయిలో కోసి, లేమ్‌లో `--nogap` ఎంపికతో అన్ని ముక్కల్నీ ఒకే వరసలో కుదించాలి. అప్పుడు ఎన్‌కోడరు వాటిని ఒకే సంగీతంగా చూసి అతుకుల దగ్గర కొత్త నిశ్శబ్దం చేర్చదు. ఎంపీ3 తప్ప మరేమీ లేనివాళ్ళు దాన్ని చెరపకుండా ఉంచుకుని, కోతను చప్పట్ల మీద పడేటట్టు చూసుకోవాలి. ఆ చోట 26 మిల్లీసెకన్లు పోయినా సంగీతం పోదు.